నులక మంచం నడుమ కుంగినట్టు: నవల మధ్యభాగాన్ని బిగించడం ఎలా?

నిరుడు చలికాలంలో నేను రాస్తున్న నవలను మా పై ఫ్లాటులో ఉండే పెద్దావిడకు చదవమని ఇచ్చాను. ఆవిడ తెలుగు టీచరుగా పనిచేసి రిటైరై, ఇప్పుడు కొడుకు దగ్గర నోయిడాలో ఉంటున్నారు. చేతికి దొరికిన తెలుగు పుస్తకాన్ని వదలరు. నా నవల అప్పటికి పదహారు అధ్యాయాలు అయింది. ఒక్కో అధ్యాయాన్ని విడిగా పిన్ను కొట్టి, అన్నీ ఒక సంచిలో పెట్టి ఇచ్చాను. పేజీ నంబర్లు వేయడం మరిచిపోయాను.

వారం తర్వాత సంచి తిరిగి ఇస్తూ ఆవిడ, "మొదటి ఆరూ బాగా సాగాయి అమ్మాయ్. ఆ తర్వాత రోజుకొకటి చదివాను. అన్నీ బాగానే ఉన్నాయి" అన్నారు. ఇంటికొచ్చి సంచి తీసి చూస్తే తొమ్మిదో అధ్యాయం ఏడో దానికన్నా పైన ఉంది, పద్నాలుగోది పదో దాని కింద ఉంది. ఆవిడ అదే వరుసలో చదివారు. వరుస తప్పిందని ఆవిడకు అనుమానమే రాలేదు.

ఆవిడ మెచ్చుకున్న మాట కన్నా ఈ సంగతే నాకు ఎక్కువ పాఠం చెప్పింది. ఏడు నుంచి పదహారు దాకా అధ్యాయాలను ఎలా కలిపినా కథ మారడం లేదంటే, అక్కడ కథ లేదన్నమాటే. సంఘటనలు మాత్రమే ఉన్నాయి. నులక మంచం తల వైపూ కాళ్ళ వైపూ గట్టిగానే ఉండి నడుమ కుంగిపోయినట్టు ఉంది నా నవల. అలాంటి మంచానికి నడుమ ఇంకో తాడు చుడితే లాభం లేదు. కాళ్ళ వైపు తాడు లాగి మొత్తం అల్లికను బిగించాలి. నవలకు ఆ బిగింపు ఎక్కడ ఎలా పడుతుందో ఈ వ్యాసంలో చెప్తాను. ముందు ఒక పాత నవలను చూద్దాం, తర్వాత నా నవలను ఎలా సరిచేశానో చూద్దాం.

ముగింపు నిల్వే ప్రారంభ నిల్వ

నడుమ కుంగిందో లేదో తెలుసుకోవడానికి మన ఇళ్ళలో అందరికీ తెలిసిన లెక్క ఒకటి ఉంది. ఇవాళ్టి ముగింపు నిల్వే రేపటి ప్రారంభ నిల్వ. మధ్యలో ఏ లావాదేవీ లేకపోతే రెండూ ఒకటే.

ప్రతి అధ్యాయానికీ ఒక తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాయండి. అధ్యాయం మొదట్లో మీ కథానాయిక చేతిలో ఏముంది, ఆమెకు ఏం కావాలి? చివర్లో ఏముంది, ఏం కావాలి? రెండు వాక్యాలూ ఒకటే అయితే ఆ అధ్యాయంలో లావాదేవీ జరగలేదు. తర్వాత ఇంకో పని చెయ్యండి. ఒక అధ్యాయానికీ పక్క అధ్యాయానికీ మధ్య "ఆ తర్వాత" అనే మాట సరిపోతోందా, "అందువల్ల" అనే మాట సరిపోతోందా చూడండి. "ఆ తర్వాత ట్రేడ్ ఫెయిర్‌కు వెళ్ళారు, ఆ తర్వాత పొగమంచు పడింది, ఆ తర్వాత పక్కింట్లో పెళ్ళి జరిగింది" అని సాగుతుంటే అది డైరీ. నా పది అధ్యాయాల్లో ఎనిమిది "ఆ తర్వాత"లే వచ్చాయి. ముగింపు నిల్వ ఒక్క చోట కూడా కదలలేదు.

ఇలా ఎందుకు అవుతుందంటే, మనం నవల మొదలుపెట్టేటప్పుడు సాధారణంగా రెండే తెలుసు: ఎలా మొదలవుతుంది, ఎలా ముగుస్తుంది. నా కథలో సుభద్ర అనే ఇల్లాలు భర్త బదిలీ వల్ల తెనాలి నుంచి ఢిల్లీ వస్తుంది. ఎప్పటికైనా తెనాలికి తిరిగివెళ్ళి సొంత స్థలంలో ఇల్లు కట్టుకోవాలని ఆమె కోరిక. చివరికి ఆమె తెనాలి వెళ్ళదు, ఢిల్లీలోనే ఉండిపోవడానికి మనసు ఒప్పుకుంటుంది. మొదలుకూ చివరకూ మధ్య నూట యాభై పేజీలు నింపాలి. దాంతో నాకు తెలిసిన ఢిల్లీనంతా తెచ్చి పోశాను. ప్రగతి మైదాన్, ఆంధ్రా భవన్ భోజనం, గోల్ మార్కెట్ బాలాజీ గుడి, కాలూ సరాయ్ కోచింగులు, ఆరు గంటలు ఆలస్యంగా వచ్చే రైలు, అన్నీ ఉన్నాయి. వాటిలో ఏదీ సుభద్ర కోరికను ముట్టుకోలేదు.

సినిమా ఇంటర్వెల్‌కూ నవల మధ్యకూ తేడా

తెలుగువాళ్ళకు కథ మధ్యలో మలుపు ఉండాలని ఎవరూ నేర్పనక్కర్లేదు. విశ్రాంతి కార్డు పడేముందు ఏదో ఒకటి జరగాలి, లేకపోతే సమోసా తింటూనే సినిమా బాగాలేదని తీర్పు చెప్పేస్తాం. ఇంటర్వెల్ తర్వాత కదలకపోతే "సెకండాఫ్ ల్యాగ్" అంటాం.

అయితే ఇంటర్వెల్ దగ్గర చాలాసార్లు జరిగేది శబ్దం. హీరో ఎవరో విలన్‌కు తెలుస్తుంది, ఒక ఫైటు జరుగుతుంది. టికెట్ కొన్న ప్రేక్షకుడు ఎలాగూ తిరిగొచ్చి కూర్చుంటాడు కాబట్టి అది చెల్లుతుంది. నవల చదివేవాళ్ళు పుస్తకం మూసి దిండు పక్కన పెడితే, మళ్ళీ తెరుస్తారన్న హామీ లేదు. వాళ్ళ చేత మళ్ళీ తెరిపించడానికి శబ్దం చాలదు, కథలోని ప్రశ్నే మారాలి. అంతవరకు పాఠకుడు ఏ ప్రశ్నకు జవాబు కోసం చదువుతున్నాడో, అది మధ్యలో ఇంకో పెద్ద ప్రశ్నగా మారిపోవాలి. దాన్నే ఇక్కడ మధ్య మలుపు అంటున్నాను. అది ఎలా ఉంటుందో చూపించడానికి బ్యాంకు కుటుంబాలకు బాగా దగ్గరగా ఉండే నవల ఒకటి ఉంది.

600 రూపాయల కథ: ప్రేమ్‌చంద్ 'గబన్'

ఢిల్లీ చుట్టుపక్కల పెరిగిన మన పిల్లలకు ప్రేమ్‌చంద్ పేరు హిందీ పాఠాల్లోనే పరిచయం. 'గబన్' 1931లో వచ్చింది. 1966లో సునీల్ దత్, సాధన నటించిన సినిమాగా కూడా వచ్చింది. గబన్ అంటే నమ్మి చేతికిచ్చిన సొమ్మును సొంతానికి వాడుకోవడం. మన ఆఫీసుల్లో ఆ మాట వింటేనే అందరి ముఖాలూ మారిపోతాయి.

ప్రయాగలో కథ మొదలవుతుంది. జాల్పాకు చిన్నప్పటి నుంచి చంద్రహారం మీద ఆశ. పెళ్ళిలో అత్తవారు అన్ని నగలూ పెట్టారు గానీ చంద్రహారం లేదు. ఆమె భర్త రమానాథ్ ఇంటి పరిస్థితిని ఉన్నదానికన్నా గొప్పగా చెప్పుకునే మనిషి. పెళ్ళికి అరువు తెచ్చిన నగల బాకీ తీర్చలేక, భార్య నగల పెట్టెను తనే రాత్రిపూట తీసి తండ్రికిచ్చి, దొంగలు పడ్డారని నమ్మిస్తాడు. తర్వాత పురపాలక సంఘం సుంకం ఆఫీసులో చిన్న ఉద్యోగం దొరుకుతుంది. భార్య దిగులు చూడలేక కంసాలి దగ్గర అరువు మీద కొత్త నగలు తెస్తాడు. జాల్పా స్నేహితురాలు రతన్, ఆమె చేతి కంకణాలు చూసి ముచ్చటపడి, తనకూ అలాంటివి చేయించమని రమానాథ్‌కు 600 రూపాయలు ఇస్తుంది. కంసాలి ఆ డబ్బును పాత బాకీ కింద జమ వేసుకుంటాడు. కంకణాలు రావు. రతన్ డబ్బు తిరిగి ఇమ్మంటుంది.

ఆమెను నమ్మించడానికి రమానాథ్ ఒకరోజు ఆఫీసు వసూళ్ళ డబ్బు ఇంటికి తెస్తాడు. ఖర్చు పెట్టే ఉద్దేశం లేదు, చూపించి మర్నాడు కట్టేద్దామనుకుంటాడు. అతను ఇంట్లో లేనప్పుడు రతన్ వస్తుంది. అది ఆమె డబ్బే అనుకుని జాల్పా 600 తీసి ఇచ్చేస్తుంది. మర్నాడు ఆఫీసులో కట్టాల్సిన సొమ్ములో లోటు. ఎక్కడా పుట్టదు. జరిగిందంతా భార్యకు ఉత్తరంగా రాస్తాడు, ఇచ్చే ధైర్యం చాలదు. ఆ ఉత్తరం ఆమె చేతిలో పడిందని తెలియగానే సిగ్గుతో ఇల్లు వదిలి, కలకత్తా రైలెక్కేస్తాడు.

ఇదంతా నవల సగానికి కాస్త ముందే జరుగుతుంది. అసలు మలుపు దీని వెనకే వస్తుంది. ఉత్తరం చదివిన జాల్పా కూర్చుని ఏడవదు. అంత ఇష్టపడి కోరుకున్న నగనే అమ్మి, ఆఫీసు డబ్బు కట్టించేస్తుంది. అంటే గబన్ అసలు జరగనట్టే. రమానాథ్ మీద కేసు లేదు, వెతికే పోలీసు లేడు. కానీ ఆ సంగతి అతనికి తెలియదు. పాఠకుడికి తెలుసు.

ఈ ఒక్క చోట ఎన్ని మారాయో చూడండి. నగ కోసం బెంగపడిన మనిషి నగ అమ్మిన మనిషి అయింది. భార్య కోసం అన్నీ చేస్తున్నాననుకున్న భర్త, భార్యను వదిలి పారిపోయాడు. మొదటి సగంలో పాఠకుడి ప్రశ్న "ఈ అప్పు ఎప్పుడు బయటపడుతుంది?" అన్నది. అది అక్కడితో తీరిపోయింది. ఇప్పుడు కొత్త ప్రశ్న: "లేని నేరానికి భయపడుతున్న ఈ మనిషి ఆ భయంతో ఇంకేం చేస్తాడు?" పాత ప్రశ్నకన్నా ఇది పెద్దది.

ఈ మలుపు పైనుంచి ఊడిపడింది కాదన్నది కూడా గమనించాలి. రమానాథ్ గొప్పలు చెప్పకపోతే అరువు లేదు. అరువు లేకపోతే కంసాలి 600 జమ వేసుకోడు. నిజం చెప్పి ఉంటే జాల్పా ఆ డబ్బు ఇచ్చేది కాదు. ప్రతి అడుగూ అతని స్వభావం నుంచే పడింది.

ఒక్కో చిక్కు, ఒక్కో ధర

మలుపు పెట్టి ఊరుకుంటే అక్కడి నుంచి మళ్ళీ కుంగుతుంది. మలుపు తర్వాత వచ్చే చిక్కులు ఒకదాని నుంచి ఒకటి పుట్టాలి, ప్రతి చిక్కుకూ ముందుదానికన్నా ఎక్కువ ధర ఉండాలి. ప్రేమ్‌చంద్ రెండో సగాన్ని ఇలా నడిపాడు.

కలకత్తాలో రమానాథ్ దేవీదీన్ అనే ముసలాయన ఇంట్లో తలదాచుకుంటాడు. పోలీసును చూస్తేనే తడబడతాడు. ఆ తడబాటు చూసే పోలీసులు అనుమానించి పట్టుకుంటారు. భయంతో చెయ్యని గబన్‌ను కూడా ఒప్పుకుంటాడు. వాకబు చేస్తే అలాంటి కేసే లేదని పోలీసులకు తెలుస్తుంది. అయినా ఆ భయాన్ని వాడుకుని, ఒక దోపిడీ కేసులో అతని చేత అబద్ధపు సాక్ష్యం చెప్పించడానికి పూనుకుంటారు. ఈలోగా జాల్పా, భర్తకు చదరంగం పిచ్చి అని తెలుసు కాబట్టి, పత్రికలో ఒక చదరంగం సమస్య వేయించి, దాని జవాబు ద్వారా అతని ఆచూకీ పట్టి కలకత్తా వస్తుంది. వచ్చేసరికి భర్త అమాయకుల మీద సాక్ష్యం చెప్పే మనిషిగా కనిపిస్తాడు. నీ మీద కేసు లేదని అతనికి తెలియజేస్తుంది. ఇక భయపడడానికి కారణం లేదు. అయినా పోలీసుల బెదిరింపులకూ, ఆశ పెట్టిన ఉద్యోగానికీ లొంగి సాక్ష్యం చెప్పేస్తాడు.

మొదట్లో పోయేది 600 రూపాయలు. తర్వాత పరువు. తర్వాత స్వేచ్ఛ. తర్వాత ఇతరుల ప్రాణాలు, భార్య దృష్టిలో తన విలువ. ధర ఒక్కసారి కూడా తగ్గలేదు. ఆఖరికి అతను జడ్జి దగ్గరకు వెళ్ళి నిజం చెప్పడం మనకు ఎందుకు పెద్దగా తోస్తుందంటే, నిజం చెప్పకుండా తప్పించుకున్న ప్రతిసారీ ఎంత చెల్లించాడో మనం లెక్క చూస్తూ వచ్చాం కాబట్టి. కలకత్తా భాగంలో కొన్ని చోట్ల సంభాషణలు సాగినట్టు, చివరి అధ్యాయం తొందరపడినట్టు నాకు అనిపిస్తుంది. అయినా అధ్యాయాలు కలిపేస్తే కథ నిలవదు. ఏదీ దాని చోటు నుంచి కదలదు.

నా నవలకు చేసిన మరమ్మతు

ఇక సుభద్ర కథకు వద్దాం. మొదటి ఆరు అధ్యాయాల్లో నేను తెలియకుండానే మూడు చిన్న విషయాలు రాసి ఉన్నాను. రెండో అధ్యాయంలో భర్త రామ్మూర్తి, "ఈసారి కూడా సొంత రాష్ట్రానికి బదిలీ అడిగాను, రాలేదు" అంటాడు. మూడో దానిలో స్థలం కాగితాల గురించి ఆమె అడిగితే, "జిరాక్సు ఇంట్లో ఉందిగా, అసలు దస్తావేజు లాకర్లో ఉంది" అంటాడు. అయిదో దానిలో మరిది శేషు ఫోన్లు చేయడం తగ్గించాడని ఆమె అత్తగారితో నొచ్చుకుంటుంది. శేషుకు రొయ్యల చెరువుల్లో నష్టం వచ్చిందని ఒక్క ముక్క ఉంది. మధ్య మలుపు కోసం కొత్త మనుషుల్ని తేవాల్సిన పని లేదు. ముందు రాసినదాన్నే మళ్ళీ చదివి, ఏ మాటకు ఇంకో అర్థం ఉండొచ్చో వెతకాలి. నాకు ఈ మూడూ దొరికాయి.

ఇల్లు కట్టాలన్నది సుభద్ర కోరిక. కోరిక ఉన్న మనిషి ఊరికే కూర్చోదు. కాబట్టి ఆమె చేత ఒక అడుగు వేయించాను. గృహరుణానికి ఏమేం కాగితాలు కావాలో బ్యాంకువాళ్ళ ఇంట్లో వేరే చెప్పాలా? భర్తకు చెప్పకుండా అన్నీ సిద్ధం చేసి ఆశ్చర్యపరుద్దామనుకుని, తెనాలిలో ఉన్న తమ్ముడి చేత స్థలం ఈసీ తీయిస్తుంది. ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలన్నీ ఈసీలో కనిపిస్తాయి. తమ్ముడు వాట్సప్‌లో పంపిన ఆ కాగితంలో చివరి వరుస: మూడేళ్ళ కిందట అమ్మకం. అమ్మినవారి పేరు దగ్గర రామ్మూర్తి పేరు.

ఇది పన్నెండో అధ్యాయం. ఇరవై నాలుగు అధ్యాయాల నవలకు సరిగ్గా సగం. ఒక అధ్యాయం అటూ ఇటూ అయినా ఫరవాలేదు గానీ పదహారు దాటితే మలుపు పని చేయదు. అప్పటికే మంచం కుంగిపోయి ఉంటుంది.

ఈ కాగితంతో వెనకటి మూడు మాటలకూ అర్థం మారింది. లాకర్లో దస్తావేజు లేదు. బదిలీ రాకపోవడం కాదు, అతను అడగనే లేదు, ఎందుకంటే వెళ్ళినా అక్కడ స్థలం లేదు. శేషు ఫోన్లు చేయకపోవడం పొగరు కాదు, సిగ్గు. అన్న స్థలం అమ్మి అతని అప్పులు తీర్చాడు. పాఠకుడి పాత ప్రశ్న "సుభద్ర తెనాలి ఎప్పుడు వెళ్తుంది?" అన్నది. కొత్త ప్రశ్న "ఇన్నేళ్ళు దాచిన మనిషితో ఆమె ఇప్పుడు ఎలా బతుకుతుంది?"

తర్వాతి చిక్కులను ఒక్కొక్క వాక్యంగా ముందు కాగితం మీద రాసుకున్నాను. ప్రతి వాక్యం "అందువల్ల"తో మొదలవ్వాలని నియమం పెట్టుకున్నాను.

సుభద్ర భర్తను నిలదీయదు, శేషుకు ఫోను చేస్తుంది. అందువల్ల శేషు భయపడి రైలెక్కి ఢిల్లీ వచ్చేస్తాడు. ఇప్పుడు ఇంట్లో ముగ్గురికీ నిజం తెలుసు, మిగతావాళ్ళకు తెలియదని ఎవరికి వారు అనుకుంటున్నారు. భోజనాల దగ్గర "వదినా, కాస్త పచ్చడి" అన్న మాట కూడా బరువుగా ఉంటుంది.

స్థలం కొన్నాయన దాన్ని మళ్ళీ అమ్మకానికి పెట్టాడనీ, సంక్రాంతిలోగా బయానా ఇస్తే మనకే ఇస్తాడనీ శేషు చెప్తాడు. అందువల్ల సుభద్ర తన బంగారాన్ని తాకట్టు పెడుతుంది. భర్త బ్యాంకులో పెడితే గంటలో తెలిసిపోతుంది కాబట్టి వేరే చోట పెడుతుంది. ఆ డబ్బు శేషు చేతికిస్తుంది.

అదే నెలలో కొడుకు కాలేజీ ఫీజు కట్టాలి. రామ్మూర్తి అదే బంగారం మీద అప్పు తీసుకుందామని బీరువా తీస్తాడు. అందువల్ల ఖాళీ పెట్టె ముందు ఇద్దరి రహస్యాలూ ఒకేసారి బయటపడతాయి.

శేషు ఆ డబ్బు స్థలం ఆయనకు ఇవ్వలేదు. గుమ్మం ముందుకొచ్చిన పాత అప్పులవాడికి ఇచ్చేశాడు. అందువల్ల సుభద్రకు ఒక సంగతి అర్థమవుతుంది. ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా, కుటుంబం సొత్తును, అదే శేషు కోసం పోగొట్టింది ఇప్పుడు ఆమె కూడా. భర్తను ఏ మాట అని నిలదీద్దామనుకుందో ఆ మాట తనకూ వర్తిస్తుంది.

ధరల పట్టీ చూడండి: మొదట ఇంట్లో మాటల స్వేచ్ఛ, తర్వాత బంగారం, తర్వాత ఒకరి మీద ఒకరికి నమ్మకం, చివరికి తన గురించి తాను అనుకున్న మంచి. ఈ చివరిది పోయాకే ఆమె భర్తతో నిజంగా మాట్లాడగలుగుతుంది. ముగింపు నేను ముందు అనుకున్నదే, ఢిల్లీలో ఉండిపోవడం. ఇదివరకు అది సర్దుకుపోవడంలా ఉండేది. ఇప్పుడు ఆమె తీసుకున్న నిర్ణయం అయింది.

పాత పది అధ్యాయాల సంగతి? మూడు తీసేశాను. ట్రేడ్ ఫెయిర్, పక్కింటి పెళ్ళి కలిపి ఒక దానిలో పెట్టాను, ఆ పెళ్ళికి వేసుకోవడానికి నగలు లేక సుభద్ర అబద్ధం చెప్పాల్సి వస్తుంది. పొగమంచులో ఆరు గంటలు ఆలస్యమైన రైలు ఇప్పుడు శేషు వచ్చే రైలు. ఢిల్లీ పోలేదు, కథకు పని చేయడం మొదలుపెట్టింది.

తప్పులు ఎక్కడ పడతాయి?

ఈ మరమ్మతులో నేను మూడు సార్లు దారి తప్పాను.

మొదటిసారి మలుపుగా రామ్మూర్తికి స్కూటర్ ప్రమాదం రాశాను. పాఠకుడు ఉలిక్కిపడతాడు, నిజమే. కానీ సుభద్ర ఏ పనీ చేయకపోయినా ఆ ప్రమాదం జరిగేది. అలాంటిది మలుపు కాదు, అడ్డం వచ్చిన గొయ్యి. మలుపు పెట్టాక మిమ్మల్ని మీరు ఒకటి అడగండి: నాయిక చెయ్యి కదపకపోతే ఇది జరిగేదా? జరిగేదంటే ఇంకోటి వెతకండి.

రెండోసారి చిక్కుల్ని పోగేశాను. అత్తగారి జబ్బు, ఆఫీసులో ఆడిట్, ఇంటి ఓనరు ఖాళీ చేయమనడం. కష్టాలు ఎక్కువయ్యాయి గానీ ధర పెరగలేదు, అన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి. ఒకే ఎత్తు కష్టాలు పది వస్తే పాఠకుడు నాలుగో దాని దగ్గరే అలవాటు పడిపోతాడు. పన్నెండు అధ్యాయాల రెండో సగానికి నాలుగైదు పెద్ద చిక్కులు చాలు. మలుపు వెంటనే ఒక నెమ్మది అధ్యాయం కూడా కావాలి. ఈసీ చూసిన మర్నాడు సుభద్ర బాల్కనీలో బట్టలు ఆరేస్తూ, అద్దె ఇల్లు అని తిట్టుకున్న గోడల్ని మొదటిసారి పరీక్షగా చూస్తుంది. అక్కడ కొత్తగా ఏమీ జరగదు. కానీ ఆమె లోపల నిల్వ మారుతుంది.

మూడో తప్పు చూపు గురించి. ఒక ప్రతిలో కొన్ని అధ్యాయాలు రామ్మూర్తి మనసులోంచి రాశాను. అతని ఆలోచనలన్నీ చెప్తూ, స్థలం అమ్మిన సంగతి మాత్రం దాచాను. అది పాఠకుణ్ణి మోసగించడం. ఎవరి మనసులోంచి కథ చెప్తున్నామో, ఆ మనిషికి తెలిసిన ముఖ్యమైన సంగతి పాఠకుడికీ తెలియాలి. లేదంటే ప్రేమ్‌చంద్ చేసినట్టు పాఠకుడికి ముందే చెప్పేసి, తెలియని మనిషి తడబాటును చూపించాలి. నేను కథ మొత్తం సుభద్ర వైపు నుంచే తిరగరాశాను.

ఇంకో మాట. అన్ని నవలలకూ ఇంత బాహాటపు మలుపు నప్పదు. ఒక మనిషి మనసులోనే తిరిగే నెమ్మది కథల్లో కాగితం బయటపడనక్కర్లేదు, ఒక మాటకు అర్థం తట్టినా చాలు. అక్కడా అడగాల్సింది ఒకటే: ఆ పేజీ తర్వాత పాఠకుడి ప్రశ్న మారిందా?

ఈ నెల అభ్యాసం

మీ దగ్గర సగంలో ఆగిన నవల ఉంటే, లేదా మీ అమ్మగారో నాన్నగారో రాసి అటక మీద పెట్టిన రాతప్రతి ఉంటే, ఒక సాయంత్రం ఇలా చేసి చూడండి. మధ్య పది అధ్యాయాలను విడివిడిగా పిన్ను కొట్టి, పేజీ నంబర్లు లేకుండా, వరుస మార్చి, కథ తెలియని ఒకరికి చదవడానికి ఇవ్వండి. ఏమీ చెప్పవద్దు. చదివినవాళ్ళు "ఇది ముందు రావాలేమో" అని మొదట ఏ అధ్యాయం దగ్గర ఆగుతారో గుర్తు పెట్టుకోండి. మీ కథ గట్టిగా ఉన్న చోటు అదే, బిగించడం అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. ఎక్కడా ఆగకపోతే మొదటి ఆరు అధ్యాయాలు మళ్ళీ తీసి, ఏ చిన్న మాట వెనక ఇంకో అర్థం దాగి ఉందో వెతకండి.

కొత్త ప్రతిని మొన్న హోళీ ముందు పై ఫ్లాటు పెద్దావిడకు మళ్ళీ ఇచ్చాను. ఈసారి కావాలనే పదమూడూ పద్నాలుగూ తారుమారు చేసి పెట్టాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ మెట్లు దిగి వచ్చి, తలుపు తీయగానే అడిగారు.

"అమ్మాయ్, శేషు రైలు దిగకుండానే అన్నం తింటున్నాడేమిటి? మధ్యలో ఒకటి ఇవ్వడం మరిచిపోయావా?"

వరుస సరిచేసి ఇచ్చాను. అక్కడే నిలబడి ఆ పేజీలు తిరగేసి, సంచి తీసుకుని పైకి వెళ్ళిపోయారు.